29 శాతమా, 13 శాతమా? పోర్ట్‌ఫోలియో ఆహారం అసలు లెక్క

మందు లేకుండా ఎల్‌డీఎల్ అనే చెడ్డ కొలెస్ట్రాల్‌ను దాదాపు 30 శాతం తగ్గించే ఆహారం ఉందని ఒకచోట చదువుతాం. అదే ఆహారం 13 శాతమే తగ్గిస్తుందని ఇంకోచోట కనబడుతుంది. ఒకరు నిజం రాసి మరొకరు తప్పు రాశారనుకోవడం సహజం. కానీ రెండు అంకెలూ నిజమైనవే. రెంటినీ ప్రచురించిందీ ఒకే బృందం, అదీ ఒకే వైద్య పత్రికలో. ఈ రెండు అంకెల మధ్య మిగిలిన సగం ఎక్కడ జారిపోయిందో తెలిస్తే, ఈ ఆహారం ఎవరికి ఎంత ఉపయోగపడుతుందో కూడా తెలిసిపోతుంది.

ఆ బృందానికి నాయకుడు కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ జెంకిన్స్. ఏ ఆహారం రక్తంలో చక్కెరను ఎంత పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ ఇండెక్స్ అనే కొలమానాన్ని 1981లో ముందుకు తెచ్చింది కూడా ఆయన బృందమే. ఓట్స్, సోయా, బాదం లాంటి గింజలు, మొక్కల స్టెరాల్స్ ఒక్కొక్కటీ కొలెస్ట్రాల్‌ను కొద్దికొద్దిగా తగ్గిస్తాయని అప్పటికే తెలుసు. ఏ ఒక్కటి తీసుకున్నా ప్రభావం చిన్నదే. అన్నిటినీ ఒకే పళ్లెంలోకి తెస్తే ఎంత తగ్గుతుందన్నదే జెంకిన్స్ బృందం వేసుకున్న ప్రశ్న. డబ్బంతా ఒకే షేర్లో పెట్టకుండా నాలుగైదింటిలో పెట్టడాన్ని పోర్ట్‌ఫోలియో అంటారు కదా, ఈ ఆహారానికి ఆ పేరు అలా వచ్చింది.

2003లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన ప్రయోగంలో కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్న 46 మంది పాల్గొన్నారు. వాళ్లను మూడు గుంపులుగా విడగొట్టి నెల రోజులు చూశారు. మొదటి గుంపుకు సంతృప్త కొవ్వు బాగా తగ్గించిన ఆహారం పెట్టారు. రెండో గుంపుకు అదే ఆహారంతో పాటు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ రకం మందుల్లో ఒకటైన లోవాస్టాటిన్ మాత్ర రోజూ 20 మిల్లీగ్రాములు ఇచ్చారు. మూడో గుంపుది పోర్ట్‌ఫోలియో ఆహారం. మొదటి గుంపులో ఎల్‌డీఎల్ 8 శాతం, రెండో గుంపులో 30.9 శాతం, మూడో గుంపులో 28.6 శాతం తగ్గింది. మాత్రకూ ఆహారానికీ ఉన్న తేడా గణాంకాల దృష్టిలో లెక్కలోకి రానంత చిన్నది.

ఈ ఫలితం చదివేటప్పుడు రెండు విషయాలు పక్కన పెట్టుకోవాలి. మొదటిది, తినాల్సిన ఆహారాన్ని దాదాపు మొత్తం పరిశోధకులే తూచి సమకూర్చారు. ఏం వండాలి, ఎంత తినాలి అన్న బెడద పాల్గొన్నవాళ్లకు లేదు. రెండోది, 20 మిల్లీగ్రాముల లోవాస్టాటిన్ పాతతరం మందు, అందులోనూ చిన్న మోతాదు. ఇప్పుడు వాడే బలమైన స్టాటిన్లు పూర్తి మోతాదులో ఎల్‌డీఎల్‌ను సగానికి తగ్గించగలవు. కాబట్టి "ఆహారం స్టాటిన్‌తో సమానం" అనే మాట ఆ మందుకూ ఆ మోతాదుకూ మాత్రమే చెల్లుతుంది.

నాలుగు సరుకులు, వాటి కొలతలు

ఆ ప్రయోగంలో కొలతలను ప్రతి 1000 క్యాలరీలకు ఇంత అని లెక్కగట్టారు. రోజుకు 2000 క్యాలరీలు తినే మనిషికి మార్చి చూస్తే మొక్కల స్టెరాల్స్ 2 గ్రాములు, జిగురు పీచు దాదాపు 20 గ్రాములు, సోయా ప్రోటీన్ సుమారు 43 గ్రాములు, బాదం 28 గ్రాములు అవుతాయి. తర్వాతి కాలంలో ఈ కొలతలను కొంత సడలించారు. గింజలు 45 గ్రాముల దాకా పెంచారు. సోయా ఒక్కటే కాకుండా రాజ్మా లాంటి బీన్స్, శనగలు, పప్పుల ప్రోటీన్ కూడా కలుపుకొని 50 గ్రాములు అన్నారు. స్టెరాల్స్, పీచు లెక్క మాత్రం అలాగే ఉంచారు.

ఈ నాలుగూ కొలెస్ట్రాల్ మీద ఒకేచోట పనిచేయవు. వీటిని కలపడంలోని కిటుకంతా అక్కడే ఉంది.

కాలేయం కొలెస్ట్రాల్‌ను వాడి పైత్య ఆమ్లాలను తయారుచేసి పేగులోకి వదులుతుంది. కొవ్వును అరిగించాక అవి చాలావరకు పేగు చివర మళ్లీ శరీరంలోకి చేరి కాలేయానికి తిరిగి వెళ్తాయి. జిగురు పీచు పేగులో జెల్లీలా చిక్కబడి ఈ పైత్య ఆమ్లాలను పట్టి ఉంచుతుంది, కొన్నిటిని మలంతో బయటికి పంపేస్తుంది. పోయినవాటికి బదులు కొత్తవి తయారుచేయాలంటే కాలేయానికి కొలెస్ట్రాల్ కావాలి. అందుకోసం అది తన కణాల మీద ఎల్‌డీఎల్‌ను పట్టుకునే రిసెప్టర్లను పెంచి, రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది. పరీక్షలో కనబడే తగ్గుదల ఇదే.

స్టెరాల్స్ దారి వేరు. ఇవి కొలెస్ట్రాల్‌ను పోలిన మొక్కల పదార్థాలు. పేగులో కొలెస్ట్రాల్ లోపలికి పోవాలంటే ముందు పైత్య ఆమ్లాలతో కూడిన మైసెల్స్ అనే సూక్ష్మమైన బిందువుల్లో చోటు దొరకాలి. స్టెరాల్స్ ఆ చోటును ఆక్రమిస్తాయి. బయటే మిగిలిన కొలెస్ట్రాల్ మలంతో పోతుంది. స్టెరాల్స్ కొన్ని పేగు కణాల్లోకి చేరినా, కణాల్లో ఉండే పంపు ప్రోటీన్లు వాటిని తిరిగి పేగులోకే నెట్టేస్తాయి. ఇక్కడ మరిచిపోతుండే సంగతి ఒకటుంది. పేగులోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మనం తిన్నది కాదు, పైత్యరసంతో పాటు కాలేయం వదిలినదే. అందుకే గుడ్లు, మాంసం అసలు ముట్టని శాకాహారిలో కూడా స్టెరాల్స్ పనిచేస్తాయి.

సోయా ప్రోటీన్ సొంతంగా చేసే పని చిన్నదే. రోజుకు సుమారు 25 గ్రాములతో ఎల్‌డీఎల్ 3 నుంచి 4 శాతం తగ్గుతుందని ప్రయోగాలన్నిటినీ కలిపి చూసిన విశ్లేషణలు చెబుతున్నాయి. అమెరికాలో ఆహార, ఔషధ సంస్థ 1999లో సోయా డబ్బాల మీద గుండెకు మేలు అని రాసుకోనిచ్చింది. ఆధారాలు అంత నిలకడగా లేవంటూ ఆ అనుమతిని వెనక్కి తీసుకోవాలని 2017లో తనే ప్రతిపాదించింది. అయినా సోయాకు రెండో లాభం ఉంది, నా లెక్కలో అదే పెద్దది. సోయా ఏ వంటకం స్థానంలోకి వస్తుందో ఆ వంటకంలోని సంతృప్త కొవ్వు అక్కడితో ఆగిపోతుంది. వెన్న, జున్ను, కొవ్వున్న మాంసం తీసేసి ఆ చోట సోయా పెడితేనే ఈ లాభం. ఉన్నవాటి పక్కన సోయాను కూడా చేరిస్తే మిగిలేది ఆ చిన్న ప్రభావమే.

గింజల సంగతీ ఇంచుమించు అలాంటిదే. బాదం, వాల్‌నట్, పిస్తా, వేరుశనగలు ఏవైనా పరవాలేదు. వీటిలోని అసంతృప్త కొవ్వు సంతృప్త కొవ్వు స్థానాన్ని తీసుకుంటుంది, దానికి తోడు కాస్త పీచు, కాస్త స్టెరాల్ దొరుకుతాయి. 25 ప్రయోగాలను కలిపి 2010లో చేసిన విశ్లేషణలో రోజుకు సగటున 67 గ్రాముల గింజలతో ఎల్‌డీఎల్ 7.4 శాతం తగ్గింది. 28 నుంచి 45 గ్రాములకు అంతకంటే తక్కువే ఆశించాలి.

కలిపితే ఎంత? కూడకూడదు, గుణించాలి

ఇప్పుడు ఒక మనిషిని తీసుకుని లెక్క వేద్దాం. ఎల్‌డీఎల్ 160 ఉంది, అంటే డెసీలీటరు రక్తానికి 160 మిల్లీగ్రాములు. సంతృప్త కొవ్వు తగ్గించడం వల్ల 8 శాతం, జిగురు పీచు వల్ల 7, సోయా వల్ల 4, స్టెరాల్స్ వల్ల 9, గింజల వల్ల 5 శాతం తగ్గుతుందనుకుందాం. ఇవి విడివిడి ప్రయోగాల్లో కనబడే స్థాయికి దగ్గరగా లెక్క కోసం నేను ఎంచుకున్న అంకెలు. వరసగా కూడితే 33 శాతం వస్తుంది. కానీ ప్రతి తగ్గింపూ ముందరిది పోగా మిగిలినదాని మీదే పనిచేస్తుంది. బట్టల దుకాణంలో 20 శాతం తగ్గింపు మీద ఇంకో 10 శాతం అంటే 30 శాతం కాదు, 28 శాతమే కదా, అలాగన్నమాట.

160లో 8 శాతం పోతే 147. అందులో 7 శాతం పోతే 137. సోయాతో 131, స్టెరాల్స్‌తో 120, గింజలతో 114. మొత్తం తగ్గింది 29 శాతం. 2003 ప్రయోగంలో వచ్చిన 28.6 శాతానికి ఇది దాదాపు సరిపోయింది. అంత కచ్చితంగా సరిపోవడంలో అదృష్టం పాలు కొంత ఉంది. అయినా చెప్పదలచుకున్నది తేలుతుంది: ఈ సరుకులు కలిస్తే మధ్యలో మాయాజాలమేదీ పుట్టదు. ఒకదాన్నొకటి పెద్దగా అడ్డుకోకుండా ఎవరి పని అవి చేసుకుపోతాయి, అంతే.

ఇందులో ఇంకొకటి గమనించాలి. 29 శాతంలో మొదటి 8 శాతం నాలుగు సరుకులది కాదు, సంతృప్త కొవ్వు తగ్గించినందుకు వచ్చింది. దాన్ని పక్కన పెడితే నాలుగింటి సొంత సంపాదన మన లెక్కలో 147 నుంచి 114కు, అంటే సుమారు 23 శాతం. ఈ బృందం 2018లో ఏడు ప్రయోగ పోలికలను, 439 మందిని కలిపి చేసిన విశ్లేషణలో, సంతృప్త కొవ్వు తగ్గించిన ఆహారంతో వచ్చినదానికి పైన పోర్ట్‌ఫోలియో అదనంగా తెచ్చింది 17 శాతం. ఇప్పటికే వెన్న, కొవ్వు మాంసం మానేసినవారు తమకు కూడా 29 వస్తుందనుకుంటే నిరాశ పడతారు. ఆ తొలి విడత వాళ్లు ఎప్పుడో వసూలు చేసేసుకున్నారు.

మిగిలిన సగం ఎక్కడ పోయింది

2011లో జామాలోనే వచ్చిన రెండో ప్రయోగం పెద్దది. కెనడాలోని నాలుగు కేంద్రాల్లో 351 మందిని ఆరు నెలలు చూశారు. ఈసారి ఆహారం ఇవ్వలేదు, సలహా మాత్రమే ఇచ్చారు. ఒక గుంపుకు ఆరు నెలల్లో రెండుసార్లు, ఇంకో గుంపుకు ఏడుసార్లు పోషకాహార నిపుణులు పోర్ట్‌ఫోలియో గురించి చెప్పారు. మూడో గుంపుకు సంతృప్త కొవ్వు తగ్గించమన్న మామూలు సలహా దక్కింది. మామూలు సలహాతో ఎల్‌డీఎల్ 3 శాతం తగ్గింది. రెండుసార్లు విన్నవాళ్లలో 13.1, ఏడుసార్లు విన్నవాళ్లలో 13.8 శాతం తగ్గింది. పాల్గొన్నవాళ్ల సగటు ఎల్‌డీఎల్ మొదట్లో 171. అందులోంచి పోయింది 24 నుంచి 26 మిల్లీగ్రాములు.

ఏడుసార్లు చెప్పినా రెండుసార్లు చెప్పినా ఒకటే ఫలితం రావడం చూస్తే, అడ్డం పడింది సమాచారం కాదని తెలుస్తుంది. తినాల్సినదాంట్లో సగానికి కాస్త తక్కువే వాళ్లు తినగలిగారు. మన 160 మనిషి దగ్గరికి వెళ్లి నాలుగు సరుకుల ప్రభావాన్నీ సగానికి తగ్గించి చూద్దాం. పీచు 3.5, సోయా 2, స్టెరాల్స్ 4.5, గింజలు 2.5 శాతం. వీటిని గుణించుకుంటూ పోతే మొత్తం 12 శాతం వస్తుంది. 13కు ఎంత దగ్గరో చూడండి. అంటే జారిపోయిన సగం మరెక్కడో లేదు, పళ్లెంలోకి రాకుండా మిగిలిపోయింది. 28.6 ఈ ఆహారం చేయగలిగింది, 13 మనుషులు దాంతో చేసింది.

అంతకుముందు 2006లో వచ్చిన ఏడాది పొడవు అధ్యయనం కూడా ఇదే కథ చెబుతుంది. 66 మంది సొంతంగా వండుకుని ఈ ఆహారం తిన్నారు. ఏడాది చివర సగటు తగ్గుదల సుమారు 13 శాతం. అయితే ఆ సగటు కింద పెద్ద తేడాలు దాగి ఉన్నాయి. దాదాపు మూడో వంతు మందికి 20 శాతానికి మించి తగ్గింది. ఎవరు ఎంత నిష్ఠగా తిన్నారన్నదానితో తగ్గుదల ముడిపడి ఉంది. నాలుగింటిలో అందరూ సులువుగా తినగలిగింది బాదం. వెనకబడినవి సోయా, జిగురు పీచు.

స్టెరాల్స్ వాటా ఎంతో విడిగా తేల్చిన అధ్యయనం కూడా ఒకటుంది. ఇలా ఏడాదిగా తింటున్నవాళ్లలో మిగతావన్నీ ఉంచి స్టెరాల్స్ మాత్రం కొన్ని వారాలు ఆపేశారు. సుమారు 15 శాతంగా ఉన్న తగ్గుదల 9 శాతానికి పడిపోయింది. అంటే మామూలు మనుషుల తిండిలో మూడో వంతుకు మించిన లాభం ఈ రెండు గ్రాముల పదార్థానిదే. దీన్ని వదిలేసి మిగతా మూడూ చేసేవాళ్లు తాము పోర్ట్‌ఫోలియో తింటున్నామనే అనుకుంటారు. నిజానికి వాళ్ల దగ్గరున్నది ముప్పాతిక కూడా కాదు.

ఒక రోజు పళ్లెం, తూకంతో

జిగురు పీచుకు 20 గ్రాములు అనగానే అందరూ తప్పటడుగు వేసేది డబ్బా మీద రాసిన పీచు అంకె దగ్గరే. ఆ అంకె మొత్తం పీచుది. గోధుమ తవుడులో పీచు దండిగా ఉంటుంది, కానీ అది నీళ్లలో చిక్కబడదు. మలబద్ధకానికి బాగా పనికొస్తుంది, ఎల్‌డీఎల్‌ను మాత్రం పెద్దగా కదిలించదు. మనకు కావలసింది ఓట్స్, బార్లీలలో ఉండే బీటా గ్లూకాన్, ఇసబ్‌గోల్ పొట్టు, బీన్స్, బెండకాయ, వంకాయ, యాపిల్, నారింజలలో ఉండే రకం. ఇంట్లో చూసుకోవడానికి మోటు పరీక్ష ఒకటుంది: నీళ్లలో వేసి పావుగంట వదిలేస్తే జిగురుగా, జెల్లీలా మారాలి.

60 గ్రాముల ఓట్స్‌తో దాదాపు రెండున్నర గ్రాములు వస్తాయి. 50 గ్రాముల బార్లీ ఇంకో రెండు, రెండున్నర. ఉడికించిన బీన్స్ ఒక కప్పు మూడు నాలుగు గ్రాములు. బెండకాయ, వంకాయ కలిపి 200 గ్రాములు తింటే రెండు మూడు, రెండు పండ్లు తింటే మరో రెండు. అంతా కలిపితే 12, 13 గ్రాముల దగ్గర ఆగిపోతుంది. మిగతాది కూరగాయలతోనే పూడ్చాలంటే పొట్ట ఒప్పుకోదు. అందుకే ఇసబ్‌గోల్ అవసరం పడుతుంది. 10 గ్రాముల పొట్టులో సుమారు 7 గ్రాముల జిగురు పీచు ఉంటుంది. దీన్ని రోజుకు రెండు మూడు సార్లుగా, ప్రతిసారీ ఒక పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగాలి. నీళ్లు చాలకపోతే గొంతులోనో పేగులోనో గట్టిపడి అడ్డం పడే ప్రమాదం ఉంది. మింగడంలో ఇబ్బంది ఉన్నవాళ్లు, పేగు ఇరుకైనవాళ్లు దీని జోలికి పోకూడదు. మొదటి రోజే 10 గ్రాములు మొదలుపెడితే గ్యాసు, ఉబ్బరం వచ్చి మూడో రోజుకు డబ్బా అటక ఎక్కుతుంది. 3 గ్రాములతో మొదలుపెట్టి వారానికి కొంచెం చొప్పున పెంచుకోవాలి.

పీచును ఎలా తయారుచేశారన్నది కూడా ముఖ్యమే. ఓట్స్ బీటా గ్లూకాన్ మీద 2010లో జరిగిన ప్రయోగంలో, అణువులు పొడవుగా చెక్కుచెదరకుండా ఉన్న రకం 3 గ్రాములతో ఎల్‌డీఎల్ 5.5 శాతం తగ్గింది. అణువులు బాగా తెగిపోయిన రకం 4 గ్రాములు తిన్నా 2.3 శాతమే తగ్గింది. మోతాదు పెరిగినా జిగురు పోయింది కాబట్టి ఫలితం కూడా పోయింది. ఓట్స్‌తో చేసిన పలచని పానీయాలు, బాగా ప్రాసెస్ చేసిన బిస్కెట్లు కొనేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

సోయా ప్రోటీన్ 43 గ్రాములు చేరడం వినిపించినంత కష్టం కాదు. తీపి కలపని సోయా పాలు అర లీటరుకు సుమారు 15 గ్రాములు. గట్టి టోఫు 150 గ్రాములతో 20 గ్రాముల దాకా వస్తుంది. మీల్ మేకర్‌లో సగం బరువు ప్రోటీనే, కాబట్టి పొడిగా ఉన్నప్పుడు తూచిన 20 గ్రాములతో మరో 10. ఇంత సోయా వద్దనిపిస్తే సగం తగ్గించి ఆ లోటును బీన్స్, శనగలతో పూడ్చుకోవచ్చు. అలా చేస్తే జిగురు పీచు లెక్క కూడా కొంత తీరుతుంది. సోయా సాస్‌ను మాత్రం ఈ ఖాతాలో రాసుకోవద్దు, అందులో ప్రోటీన్ కంటే ఉప్పే ఎక్కువ.

బాదం 28 గ్రాములంటే 22, 23 పలుకులు. వాటిలో దాదాపు 165 క్యాలరీలుంటాయి. ఇవి చిరుతిండి స్థానంలో రావాలి. తినేదంతా తింటూ పైన గింజలు, సోయా పాలు చేరిస్తే రోజుకు మూడు నాలుగు వందల క్యాలరీలు పెరిగి, బరువు పెరిగి, వచ్చిన లాభంలో కొంత తిరిగి పోతుంది.

ఇక స్టెరాల్స్. మామూలు తిండిలో రోజుకు దొరికేది 200 నుంచి 400 మిల్లీగ్రాములే. నూనెలు, గింజలు ఎంత తిన్నా రెండు గ్రాములకు చేరలేం. స్టెరాల్స్ కలిపిన మార్జరిన్, పెరుగు, పాల పానీయాలు, లేదా మాత్రలు వాడక తప్పదు. డబ్బా మీద ఒక విడతకు ఎంత స్టెరాల్ ఉందో చూసి లెక్క కట్టుకోవాలి. పరగడుపున వేసుకుంటే చాలావరకు వృథా. భోజనంతో పాటు తీసుకుంటేనే పైత్యరసం విడుదలయ్యే సమయానికి అవి పేగులో ఉంటాయి. రెండు పూటల భోజనంతో ఒక్కో గ్రాము చొప్పున తీసుకోవడం సులువు. రోజుకు 3 గ్రాములు దాటితే అదనపు లాభం పెద్దగా ఉండదు. ఇవి బీటా కెరోటిన్ లాంటి రంగు పోషకాల శోషణను కొంత తగ్గిస్తాయి, క్యారెట్, ఆకుకూరలు ఓ పిడికెడు ఎక్కువ తింటే సరిపోతుంది. సిటోస్టెరోలీమియా అనే అరుదైన జన్యులోపం ఉన్నవాళ్లు మాత్రం స్టెరాల్స్ అసలు తీసుకోకూడదు. స్టెరాల్స్‌ను తిరిగి పేగులోకి నెట్టే పంపు వాళ్లలో పనిచేయదు, అవి రక్తంలో పేరుకుపోతాయి.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి

ఎల్‌డీఎల్ ఏమీ మార్చకపోయినా రోజుకో రకంగా ఉంటుంది. ఒకే మనిషిలో వారం తేడాతో 8, 10 శాతం అటూఇటూ కావడం మామూలే. 160 ఉన్న మనిషికి ఒకసారి 150, ఇంకోసారి 168 వచ్చినా ఆశ్చర్యం లేదు. అలాంటప్పుడు ఒక్క పరీక్షతో మొదలుపెట్టి, ఒక్క పరీక్షతో ముగించి 12 శాతం తగ్గిందో లేదో తేల్చలేం. మొదలుపెట్టే ముందు వారం తేడాతో రెండుసార్లు, ఆహారం పూర్తి కొలతలకు చేరాక నాలుగు నుంచి ఆరు వారాలకు మళ్లీ రెండుసార్లు పరీక్ష చేయించి సగటులను పోల్చాలి. ఈ ఆహారం ప్రభావం వారాల్లోనే పూర్తిగా కనబడుతుంది. ఆరు నెలలు ఎదురుచూస్తే ఇంకా పెరుగుతుందని ఆశించనక్కరలేదు. మానేస్తే కూడా వారాల్లోనే మునుపటి స్థాయికి వెళ్లిపోతుంది.

మన మనిషి సగటు 160 నుంచి 136కు వచ్చిందనుకుందాం. 15 శాతం. అది బాగా పనిచేస్తున్న ఫలితం, విఫలం కాదు. 152 దగ్గర ఆగిపోతే నేను ముందు చూసేది స్టెరాల్స్‌ను. రెండు గ్రాములు నిజంగా అందుతున్నాయా, భోజనంతోనే తీసుకుంటున్నారా? తర్వాత పీచు డబ్బా: అది ఇసబ్‌గోలా, గోధుమ తవుడా? ఆ తర్వాత వంటింట్లో వెన్న, పామాయిల్, కొబ్బరినూనె ఇంకా ఎంత ఖర్చవుతున్నాయో చూడాలి. ఇవన్నీ సరిగ్గానే ఉండి ఎల్‌డీఎల్ కదలకపోతే థైరాయిడ్ పరీక్ష చేయించాలి. థైరాయిడ్ మందగిస్తే కాలేయం మీద ఎల్‌డీఎల్ రిసెప్టర్లు తగ్గిపోతాయి, అప్పుడు ఏ ఆహారమూ ఆ గండి పూడ్చలేదు.

థైరాయిడ్ మాటొచ్చింది కాబట్టి ఇంకో జాగ్రత్త. సోయా, ఇసబ్‌గోల్ రెండూ లీవోథైరాక్సిన్ మాత్రను సరిగా ఒంటబట్టనివ్వవు. మాత్రకూ వీటికీ మధ్య నాలుగు గంటలు వదలాలి. మిగతా మందులు వాడేవాళ్లు కూడా ఇసబ్‌గోల్‌కు కనీసం రెండు గంటల దూరం పెట్టుకోవడం మంచిది.

అందరూ ఒకేలా స్పందించరన్నది కూడా నిజమే. కొందరి శరీరం పేగులోంచి కొలెస్ట్రాల్ ఎక్కువ పీల్చుకుంటుంది, స్టెరాల్స్ వాళ్లలో బాగా పనిచేస్తాయి. ఇంకొందరిలో కాలేయం సొంతంగా తయారుచేసేదే ఎక్కువ. పేగులో దారి మూస్తే, ఆ లోటు పూడ్చుకోవడానికి వాళ్ల కాలేయం ఉత్పత్తి పెంచేస్తుంది. ఆహారంతో వచ్చే తగ్గుదల ఎంత చేసినా కొంత దగ్గర ఆగిపోవడానికి ఇదొక కారణం.

స్టాటిన్ వాడుతున్నవాళ్లకు ఈ ఆహారం వల్ల లాభం లేదనుకోవడం ఇక్కడే తప్పవుతుంది. స్టాటిన్ మూసేది సరిగ్గా ఆ ఉత్పత్తి దారినే. పేగులో దారి మూసేవి స్టెరాల్స్, పీచు. రెండు వైపులా ఒకేసారి మూసినప్పుడు కాలేయానికి మిగిలిన మార్గం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాక్కోవడమే. స్టాటిన్ మోతాదును రెట్టింపు చేస్తే అదనంగా తగ్గేది సుమారు 6 శాతం. ఉన్న మోతాదుకు రోజుకు రెండు గ్రాముల స్టెరాల్స్ జోడిస్తే దాదాపు అంతే, ఒక్కోసారి అంతకన్నా కాస్త ఎక్కువే తగ్గుతుంది. మాత్ర పెంచితే కండరాల నొప్పులు వస్తున్నాయనేవాళ్లు డాక్టరుతో మాట్లాడవలసిన లెక్క ఇది.

అదే సమయంలో ఈ ఆహారం ఎక్కడ చాలదో కూడా లెక్కే చెబుతుంది. గుండెపోటు వచ్చినవాళ్లకు ఎల్‌డీఎల్ 70 లోపుకు, కొన్ని మార్గదర్శకాల ప్రకారం 55 లోపుకు దించాలంటారు. 160 నుంచి 29 శాతం పూర్తిగా తగ్గినా 114 దగ్గరే ఆగుతాం. పుట్టుకతోనే ఎల్‌డీఎల్ 190 దాటి ఉండే కుటుంబాల్లో కూడా అంతే, 200లో 29 శాతం పోయినా 142 మిగులుతుంది. వీళ్లు మందు ఆపి ఆహారం మొదలుపెట్టడం ప్రమాదం. మందుకు తోడుగా తింటే లాభం. ఈ పద్ధతి ఒంటరిగా గెలవగలిగింది మధ్య మెట్టు మీద ఉన్నవాళ్ల దగ్గర: ఎల్‌డీఎల్ 130 నుంచి 160 మధ్య ఉండి, గుండె జబ్బు లేక, మందు మొదలుపెట్టాలా వద్దా అని డాక్టరే తటపటాయిస్తున్నవాళ్లు. వాళ్లకు 15 శాతం తగ్గినా ఆ తటపటాయింపు ఒకవైపు తేలిపోతుంది.